పిల్లల్లో తొలిసారి నెఫ్రోటిక్ సిండ్రోమ్: ప్రెడ్నిసోలోన్ ఎన్ని వారాలు, ఎలా ఇవ్వాలి, తిరగబెడితే ఏం చేయాలి

మూత్రపిండాలు రక్తంలోని ప్రొటీన్‌ను మూత్రంలోకి వదిలేయడం వల్ల ఒళ్లు ఉబ్బే జబ్బు నెఫ్రోటిక్ సిండ్రోమ్. అది మొదటిసారి వచ్చిన పిల్లవాడికి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకే చాలాసార్లు మూత్రంలో ప్రొటీన్ కనిపించకుండా పోతుంది. కళ్ల చుట్టూ ఉన్న ఉబ్బు దిగుతుంది, బిగుసుకుపోయిన పొట్ట మెత్తబడుతుంది. అప్పుడే ఇంట్లో ఒక ప్రశ్న పుడుతుంది: జబ్బు తగ్గింది కదా, ఇంకా నెలల తరబడి ఇన్ని మాత్రలు ఎందుకు? ఆ ప్రశ్నకు సరైన జవాబు అందకపోతే కొందరు తల్లిదండ్రులు పదిహేనో రోజుకే మందు తగ్గించేస్తారు. మరికొన్ని ఇళ్లలో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. ఆరు నెలల తర్వాత జబ్బు తిరగబెట్టినప్పుడు, మొదటిసారి ఇచ్చిన పాత చీటీ తీసి మళ్లీ ఆరు వారాలు రోజూ మాత్రలు వేస్తారు, అంత అవసరం లేకపోయినా.

ఈ రెండు పొరపాట్లూ ఒకే తేడా తెలియకపోవడం వల్ల వస్తున్నాయి. మొదటి విడత చికిత్స కాలెండరును బట్టి నడుస్తుంది. తిరగబెట్టినప్పటి చికిత్స మూత్ర పరీక్షను బట్టి నడుస్తుంది. ఈ తేడా మనసులో ఉంచుకుంటే కింద చెప్పిన అంకెలన్నీ వాటంతట అవే ఒక వరుసలో కూర్చుంటాయి. ఇది చికిత్స చేసే వైద్యుడి నిర్ణయానికి ప్రత్యామ్నాయం కాదు. ఆయన రాసిన చీటీలోని ప్రతి గీత ఎందుకు ఉందో తల్లిదండ్రులకూ, పిల్లవాడిని మొదట చూసే కుటుంబ వైద్యుడికీ అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం.

మొదటి మెట్టు: మొదటి మాత్రకు ముందు చూసుకోవలసినవి

ఒంటి వాపు ఉండి, మూత్రంలో ముంచి ప్రొటీన్‌ను రంగుతో చూపే పట్టీతో చేసే డిప్‌స్టిక్ పరీక్ష 3+ లేదా 4+ చూపి, లేదా ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము లెక్కన 2 దాటి, రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు 3 గ్రాముల కంటే తక్కువగా ఉంటే అది నెఫ్రోటిక్ సిండ్రోమ్. ఒకటి నుంచి పన్నెండేళ్ల మధ్య వయసు పిల్లల్లో దీనికి ఎక్కువగా కారణమయ్యేది మినిమల్ ఛేంజ్ డిసీజ్, అంటే మామూలు సూక్ష్మదర్శినికి మూత్రపిండంలో మార్పు దాదాపు కనిపించని రకం. అది సాధారణంగా ప్రెడ్నిసోలోన్‌కు లొంగుతుంది కాబట్టే ఈ వయసు వారికి మూత్రపిండం ముక్క తీసి పరీక్షించకుండా నేరుగా మందు మొదలుపెడతారు.

అయితే ఈ ఊహ అందరికీ సరిపోదు. పిల్లవాడి వయసు ఏడాదిలోపు ఉన్నా, పన్నెండేళ్లు దాటినా, మూత్రం కంటికి కనిపించేంత ఎర్రగా వస్తున్నా, రక్తపోటు తగ్గకుండా ఎక్కువగానే ఉన్నా, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరుగుతూ ఉన్నా, రక్తంలో సి3 అనే రోగనిరోధక ప్రొటీన్ తక్కువగా ఉన్నా, ఒంటి మీద దద్దుర్లూ కీళ్ల వాపూ కలిసి ఉన్నా, ముందుగా పిల్లల మూత్రపిండాల నిపుణుడు చూడాలి. అలాంటి చోట ప్రెడ్నిసోలోన్ వేసి చూద్దాం అనుకోవడం వల్ల అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది.

మందుకు ముందు ఇన్ఫెక్షన్ల సంగతి కూడా తేల్చుకోవాలి. రోజుకు ఇంత మోతాదులో స్టెరాయిడ్ వేస్తే లోపల దాగి ఉన్న క్షయ పైకి లేవవచ్చు. అందుకే క్షయ ఎక్కువగా ఉన్న చోట్లలో ఛాతీ ఎక్స్‌రే, ట్యూబర్‌క్యులిన్ చర్మ పరీక్ష చేయిస్తారు. పొట్ట నొప్పితో జ్వరం ఉంటే అది పొట్ట లోపలి పొరకు వచ్చే ఇన్ఫెక్షన్, పెరిటోనైటిస్ కావచ్చు. దానికి చికిత్స మొదలైన తర్వాతే స్టెరాయిడ్ గురించి ఆలోచించాలి. చికెన్‌పాక్స్ ఇంతకు ముందు వచ్చిందా, దాని టీకా పడిందా అన్నది మొదటి రోజే అడిగి పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత బడిలో ఎవరికో ఆ జబ్బు వచ్చిందని తెలిసిన రోజున ఆ ఒక్క వాక్యం ఎంతో ఉపయోగపడుతుంది.

రెండో మెట్టు: మోతాదు లెక్క

ప్రెడ్నిసోలోన్ మోతాదును రెండు రకాలుగా లెక్కిస్తారు. ఒకటి శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి: చదరపు మీటరుకు రోజుకు 60 మిల్లీగ్రాములు. రెండోది బరువును బట్టి: కిలోకు రోజుకు 2 మిల్లీగ్రాములు. ఎలా లెక్కించినా రోజుకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ రెండు లెక్కలూ ఒకటే అని చాలామంది అనుకుంటారు, కానీ చిన్న పిల్లల్లో అవి కలవవు.

లెక్క చూపడానికి నాలుగేళ్ల పిల్లవాడిని తీసుకుందాం. వాపు రాకముందు, రెండు నెలల కిందట టీకాకు తీసుకెళ్లినప్పుడు, బరువు 14 కిలోలు. ఇప్పుడు వాపుతో 16.4 కిలోలు. ఎత్తు 98 సెంటీమీటర్లు. ఉపరితల వైశాల్యానికి ఎత్తును బరువుతో గుణించి, 3600తో భాగించి, వచ్చినదానికి వర్గమూలం తీయాలి. 98ని 14తో గుణిస్తే 1372. దాన్ని 3600తో భాగిస్తే 0.381, దాని వర్గమూలం సుమారు 0.62 చదరపు మీటర్లు. దాన్ని 60తో గుణిస్తే రోజుకు సుమారు 37 మిల్లీగ్రాములు. అదే పిల్లవాడికి కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్క వేస్తే 28 మాత్రమే వస్తుంది. తొమ్మిది మిల్లీగ్రాముల తేడా అంటే దాదాపు పావు వంతు మోతాదు. పిల్లవాడు 30 కిలోల దగ్గరికి చేరేసరికి రెండు లెక్కలూ దగ్గరపడి, గరిష్ఠ పరిమితి దగ్గర కలిసిపోతాయి.

రెండు పద్ధతులనూ మార్గదర్శకాలు అంగీకరిస్తాయి. అయినా 30 కిలోల లోపు పిల్లలకు, ముఖ్యంగా మొదటి విడతలో, వైశాల్యపు లెక్కే నాకు సరైనదిగా తోస్తుంది. మూడు వారాలైనా ప్రొటీన్ తగ్గలేదు, మందుకు లొంగని జబ్బేమో అని భయపడే సందర్భాల్లో ముందుగా అడగవలసిన ప్రశ్న, అసలు మోతాదు చాలినంత పడిందా అన్నదే.

లెక్కకు వాపు బరువును కాక, వాపు రాకముందు బరువును తీసుకోవాలి. ఆ బరువు ఎవరికీ గుర్తులేకపోతే పిల్లవాడి ఎత్తుకు ఉండవలసిన బరువును పట్టికలో చూసి తీసుకుంటారు. వాపు దిగాక అసలు బరువు తెలుస్తుంది కాబట్టి అప్పుడు మోతాదును మరోసారి సరిచూసుకోవచ్చు.

లెక్కలో 37 వచ్చింది కనుక ఈ పిల్లవాడికి 37.5 మిల్లీగ్రాములు ఇవ్వవచ్చు: 10 మిల్లీగ్రాముల మాత్రలు మూడు, 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటిన్నర. సిరప్ వాడేవారు ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ప్రెడ్నిసోలోన్ సిరప్‌లు అన్నీ ఒకే గాఢతలో రావు. ఐదు మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాములు ఉన్నవీ ఉన్నాయి, 15 మిల్లీగ్రాములు ఉన్నవీ ఉన్నాయి. కొత్త సీసా కొన్నప్పుడు పాత కొలతతోనే పోస్తే మోతాదు మూడింతలు కావచ్చు, మూడో వంతుకు పడిపోవచ్చు. అందుకే చీటీలో మోతాదును మిల్లీగ్రాములలో రాయించుకుని, మిల్లీలీటర్లు ఎన్ని అన్నది ప్రతి కొత్త సీసాకూ తిరిగి లెక్కించాలి.

మూడో మెట్టు: రోజువారీ దశ

మొదటి విడతలో ప్రెడ్నిసోలోన్‌ను ఆరు వారాలు ప్రతిరోజూ ఇచ్చి, ఆపైన మరో ఆరు వారాలు రోజు విడిచి రోజు ఇవ్వడం ఒక పద్ధతి. నాలుగు వారాలు రోజూ, నాలుగు వారాలు రోజు విడిచి రోజు ఇవ్వడం మరో పద్ధతి. రెండూ అంతర్జాతీయ మార్గదర్శకాలలో ఉన్నవే. ఏది ఎంచుకున్నా మొదటి రోజునే ఎంచుకుని, చివరి మాత్ర ఏ తేదీన పడుతుందో పుస్తకంలో రాసేయాలి. మధ్యలో మూత్రం శుభ్రపడినా ఆ తేదీ ముందుకు జరగదు. నేను పైన కాలెండరు అన్నది దీన్నే.

మన పిల్లవాడికి ఆరు వారాల పద్ధతి ఎంచుకున్నారనుకుందాం. మార్చి 3న మొదటి మోతాదు పడితే నలభై రెండో రోజు ఏప్రిల్ 13. పిల్లవాడికి పదకొండో రోజున, అంటే మార్చి 13న, ప్రొటీన్ పోయిందనుకున్నా ఏప్రిల్ 13 వరకు రోజూ 37.5 మిల్లీగ్రాములు పడవలసిందే. మూత్రంలో ప్రొటీన్ ఆగిపోవడం వల్ల జబ్బు కనబడకుండా పోయిందని మాత్రమే తెలుస్తుంది. దాన్ని అణచి ఉంచడానికి కావలసిన కాలం పూర్తయిందని తెలియదు. మొదటి విడతను చాలినన్ని వారాలు ఇవ్వకుండా ఆపేస్తే జబ్బు త్వరగా తిరగబెడుతుందని ఈ చికిత్సలో వచ్చిన అనుభవం.

మందును పొద్దున అల్పాహారం తర్వాత ఒకేసారి ఇవ్వడం మేలు. మూత్రపిండాల మీద ఉండే మన అడ్రినల్ గ్రంథులు తమ సహజ స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను ఎక్కువగా తెల్లవారుజామునే విడుదల చేస్తాయి; ఉదయపు మోతాదు ఆ సహజ లయకు దగ్గరగా ఉంటుంది, రాత్రి నిద్రను కూడా తక్కువగా చెడగొడుతుంది. ఒకేసారి అన్ని మాత్రలు మింగలేని పిల్లవాడికి రోజువారీ దశలో రెండు పూటలుగా విడగొట్టవచ్చు. మాత్ర మింగిన అరగంటలోపే వాంతి చేసుకుంటే వైద్యుడిని అడిగి మోతాదు తిరిగి ఇవ్వాలి. వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోకూడదు; నరానికి ఇచ్చే స్టెరాయిడ్ అవసరం కావచ్చు.

ఈ వారాలలో పిల్లవాడికి ఆకలి విపరీతంగా పెరుగుతుంది, బుగ్గలు గుండ్రమవుతాయి, చిన్నదానికే కోపం, ఏడుపు వస్తాయి. ఈ బుగ్గలను వాపు తిరిగి వచ్చిందని పొరబడేవారు చాలామంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు: స్టెరాయిడ్ బుగ్గలు ఉన్నప్పుడు డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటుంది, కాలి మీద వేలితో నొక్కితే గుంట పడదు. ఉప్పు తగ్గించాలి, ఆకలికి అడ్డుగా ఎక్కువ కెలోరీలు లేని తిండి పెట్టాలి. రక్తపోటును ప్రతి సందర్శనలోనూ చేతికి చుట్టే పిల్లల సైజు పట్టీతో కొలవాలి.

నాలుగు వారాలు రోజూ వేసినా మూత్రంలో ప్రొటీన్ 3+ గానే ఉంటే అది ఆందోళన చెందవలసిన విషయం. నాలుగు వారాల పద్ధతి ఎంచుకున్నా సరే, అప్పుడు రోజు విడిచి రోజు దశకు మారకుండా నిపుణుడిని సంప్రదించాలి. ఆరు వారాల వరకు రోజువారీ మోతాదు కొనసాగించి, అప్పటికీ ఉపశమనం రాకపోతే దాన్ని స్టెరాయిడ్‌కు లొంగని రకంగా భావించి మూత్రపిండం ముక్క తీసే బయాప్సీ, జన్యు పరీక్షల దారి పడతారు. ఆ దారి వేరు. మరిన్ని వారాలు అదే మాత్రలు పెంచుతూ పోవడం దానికి పరిష్కారం కాదు.

నాలుగో మెట్టు: రోజు విడిచి రోజు దశ

రోజువారీ దశ ముగిశాక మోతాదు చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాములకు, లేదా కిలోకు 1.5 మిల్లీగ్రాములకు దిగుతుంది. రోజు విడిచి రోజు ఉదయం ఒకేసారి, 40 మిల్లీగ్రాములు దాటకుండా ఇస్తారు. మన పిల్లవాడికి 0.62ను 40తో గుణిస్తే సుమారు 25 మిల్లీగ్రాములు.

మధ్యలో ఒక రోజు ఎందుకు వదులుతారో తెలిస్తే ఈ దశను ఎవరూ తేలికగా తీసుకోరు. ప్రెడ్నిసోలోన్ ఒంట్లో పనిచేసే కాలం ఒకటిన్నర రోజుకు మించదు. మందు లేని రోజున అడ్రినల్ గ్రంథులు మళ్లీ మేల్కొని తమ పని తాము చేయడం మొదలుపెడతాయి. పిల్లవాడి ఎదుగుదల మీద ఒత్తిడి తగ్గుతుంది. అంత విరామం ఇస్తున్నా జబ్బు మాత్రం అణగి ఉంటుంది. అందుకే 25 మిల్లీగ్రాములను రోజుకు పన్నెండున్నరగా విడగొట్టి ప్రతిరోజూ ఇవ్వడం దీనికి సమానం కాదు. మొత్తం మందు ఒకటే అయినా గ్రంథులకు విరామం దొరకదు.

ఆచరణలో ఎక్కువ తప్పులు జరిగేది తేదీల దగ్గర. ఏప్రిల్ 13న చివరి రోజువారీ మోతాదు పడితే 14 విరామం, 15న మొదటి 25 మిల్లీగ్రాములు. ఆ తర్వాత 17, 19, 21 అంటూ బేసి తేదీలన్నీ మందు రోజులు. ఏప్రిల్‌కు ముప్పై రోజులే కాబట్టి 29 తర్వాత మే 1 వస్తుంది, వరుస తప్పదు. మే 25తో ఇరవై ఒక్క మోతాదులు, ఆరు వారాలు పూర్తవుతాయి. అయితే బేసి తేదీలు మందు రోజులు అని గుర్తు పెట్టుకున్న ఇంట్లో ముప్పై ఒక్క రోజులున్న నెల చివర ఏమవుతుందో చూడండి: 31న మందు, మరుసటి రోజు 1 కూడా బేసి తేదీయే కనుక వరుసగా రెండు రోజులు మందు పడిపోతుంది. వారంలో సోమ, బుధ, శుక్రవారాలు అని పెట్టుకోవడమూ సరికాదు, శుక్రవారం తర్వాత రెండు రోజులు ఖాళీ వస్తుంది. బేసి, సరి, వారం పేరు ఏదీ నమ్మకుండా, గోడ కాలెండరులో ప్రతి మందు రోజుకూ ముందుగానే గుండ్రం చుట్టి, మాత్ర మింగిన వెంటనే దానిలో అడ్డగీత వేయడం కన్నా మంచి పద్ధతి నేను చూడలేదు.

మందు రోజున మరచిపోయి అదే రోజు గుర్తొస్తే అప్పుడే ఇవ్వవచ్చు. మరుసటి ఉదయం గుర్తొస్తే ఆ ఉదయమే ఇచ్చి, వరుసను అక్కడి నుంచి కొత్తగా లెక్కపెట్టాలి. తప్పిన మోతాదు కోసం రెట్టింపు ఇవ్వకూడదు.

మే 25 మోతాదు తర్వాత ఏం చేయాలి? ఆపేయాలి. ఇంకా కొన్ని నెలలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే జబ్బు తిరగబెట్టదు అని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు, పాత చీటీలు కొన్ని ఆరు నెలల దాకా సాగేవి. 2013 నుంచి నెదర్లాండ్స్, భారతదేశం, జపాన్, బ్రిటన్‌లలో వెలువడిన జాగ్రత్తైన ప్రయోగాల్లో మొదటి విడతను రెండు మూడు నెలలు దాటి పొడిగించడం వల్ల పదే పదే తిరగబెట్టడం తగ్గలేదని తేలింది. పొడిగించినంత కాలం స్టెరాయిడ్ దుష్ప్రభావాల భారం మాత్రం పిల్లవాడు మోస్తాడు. కనుక పన్నెండు వారాలు పూర్తయ్యాక ఇంకా ఎందుకు ఇస్తున్నాం అన్న ప్రశ్నకు చీటీలో స్పష్టమైన కారణం ఉండాలి. ఎంచుకున్న వారాలు పూర్తి కాకముందు మాత్రం సొంతంగా హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం, గ్రంథులు అప్పటికింకా పూర్తిగా కోలుకోవు.

ఐదో మెట్టు: ఉదయపు మూత్రం, ఒక చిన్న పుస్తకం

మందు ఆపిన తర్వాత కూడా ఆగకూడనిది మూత్ర పరీక్ష. ఉదయం లేచిన వెంటనే వచ్చే మొదటి మూత్రంలో డిప్‌స్టిక్ ముంచి, పెట్టె మీద రాసిన క్షణాలు ఆగి, మంచి వెలుగులో రంగు చూసి రాయాలి. పగటి మూత్రాన్ని పరీక్షిస్తే పిల్లలు పరిగెత్తి ఆడిన తర్వాత కొద్దిపాటి ప్రొటీన్ ఉత్తినే కనిపించి కంగారు పెడుతుంది. పుస్తకంలో తేదీ, ఫలితం, ఆ రోజు ఇచ్చిన మోతాదు, బరువు, జ్వరం లేదా జలుబు ఉంటే ఆ మాట, ఇంతే చాలు. మందు వాడుతున్నంత కాలం, ఆపిన తొలి నెలల్లో రోజూ చూడాలి. తర్వాత వైద్యుడి సలహా మీద వారానికి రెండు మూడుసార్లకు తగ్గించవచ్చు, కానీ జలుబు, జ్వరం వచ్చిన రోజుల్లో మళ్లీ రోజూ చూడాలి.

ఈ రంగంలో వాడే మూడు మాటలకు ఖచ్చితమైన అర్థాలు ఉన్నాయి. వరుసగా మూడు రోజులు ఉదయపు మూత్రంలో ప్రొటీన్ లేకపోవడం, లేదా కేవలం జాడ మాత్రమే ఉండటం ఉపశమనం. ఉపశమనంలో ఉన్న పిల్లవాడికి వరుసగా మూడు రోజులు 3+ లేదా అంతకంటే ఎక్కువ రావడం తిరగబెట్టడం. వీటి మధ్య ఉన్న 1+, 2+లు ఏదో జరుగుతోందని చెప్పే హెచ్చరికలు మాత్రమే, నిర్ణయం తీసుకోవడానికి చాలవు.

ఆరో మెట్టు: తిరగబెట్టినప్పుడు

మొదటి విడతకు చక్కగా లొంగిన పిల్లల్లో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు జబ్బు తిరగబెడుతుంది. దాన్ని తల్లిదండ్రుల తప్పుగానో, మొదటి చికిత్స విఫలమైనట్టుగానో చూడనవసరం లేదు. చాలాసార్లు అది జలుబుతో కలిసి వస్తుంది.

ముక్కు కారుతున్న రోజున 3+ వచ్చిందని ఆ సాయంత్రమే 37.5 మిల్లీగ్రాములు మొదలుపెట్టకూడదు. వాపు లేకుండా, పిల్లవాడు హుషారుగా ఉంటే, ఇన్ఫెక్షన్‌కు కావలసిన చికిత్స చేస్తూ మూడు రోజులు వరుసగా చూడాలి. కొందరిలో జలుబుతో పాటు వచ్చిన ప్రొటీన్ దానితోనే పోతుంది, స్టెరాయిడ్ ఒక్క మాత్ర కూడా అవసరం కాదు. కాని వాపు మొదలైతే మూడో రోజు దాకా ఆగనవసరం లేదు, అదే రోజు వైద్యుడికి చూపాలి.

మన పిల్లవాడి దగ్గరికి వద్దాం. ఆగస్టు 4, 5, 6 తేదీలలో ఉదయం 3+ వచ్చింది, కళ్ల కింద కొద్దిగా ఉబ్బు. ఇప్పుడు బరువు 14.6 కిలోలు, ఎత్తు 100 సెంటీమీటర్లు. లెక్క మళ్లీ వేస్తే వైశాల్యం 0.64, మోతాదు సుమారు 38 మిల్లీగ్రాములు. మార్చిలో రాసిన అంకెను కాపీ కొట్టకుండా ప్రతిసారీ కొత్తగా లెక్క వేయడం అలవాటుగా ఉండాలి, ఇక్కడ యాదృచ్ఛికంగా అదే 37.5కు దగ్గరపడింది. ఆగస్టు 6 నుంచి రోజూ 37.5 మొదలైంది.

ఇప్పుడు కాలెండరు కాదు, మూత్రమే నిర్ణయిస్తుంది. ఆగస్టు 14న జాడ, 15న ఏమీ లేదు, 16న ఏమీ లేదు. మూడు రోజులు పూర్తయ్యాయి కాబట్టి రోజువారీ మోతాదు ఆగస్టు 16తో ముగుస్తుంది. మొత్తం పదకొండు రోజులు. మొదటి విడతలో నలభై రెండు రోజులు ఇచ్చిన చోట తిరగబెట్టినప్పుడు పదకొండుతో సరిపోయింది. అక్కడి నుంచి నాలుగు వారాలు రోజు విడిచి రోజు 25 మిల్లీగ్రాములు: 17 విరామం, 18న మొదటిది, తర్వాత 20, 22, 24, 26, 28, 30. ఆగస్టుకు ముప్పై ఒక్క రోజులు ఉన్నందున 30 తర్వాత మందు రోజు సెప్టెంబరు 1. ఇక్కడి నుంచి తేదీలు సరి నుంచి బేసికి మారతాయి. కాలెండరులో గుండ్రాలు చుట్టని ఇంట్లో 2వ తేదీ దాకా ఆగి, ఒక రోజు ఎక్కువ ఖాళీ వదిలేస్తారు. సెప్టెంబరు 13తో పద్నాలుగో మోతాదు, నాలుగు వారాలూ పూర్తి. అక్కడితో ఆపేయాలి.

తిరగబెట్టినప్పుడు రెండు వారాలు రోజూ వేసినా ప్రొటీన్ ఆగకపోతే ఇన్ఫెక్షన్ ఏదైనా దాగి ఉందా, మాత్రలు నిజంగా కడుపులోకి వెళ్తున్నాయా అన్నది చూడాలి. పిల్లలు చేదు మాత్రను బుగ్గలో దాచి ఉమ్మేస్తారు. అది అబద్ధం కాదు, చేదు. నాలుగు వారాలకూ తగ్గకపోతే మొదటిసారి లొంగిన పిల్లవాడైనా సరే, నిపుణుడి పరిశీలన అవసరం.

ఇంట్లో వేచి చూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి: జ్వరంతో పాటు పొట్ట నొప్పి, మూత్రం బాగా తగ్గిపోవడం, ఊపిరి ఆడకపోవడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఆగని తలనొప్పి లేదా మత్తు. మూత్రంలో ప్రొటీన్ పోతున్నప్పుడు రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. ఈ లక్షణాలు చాలావరకు ఆ రెండింటి వల్లే వస్తాయి, వీటికి అదే రోజు ఆసుపత్రి.

జలుబులు, టీకాలు, శస్త్రచికిత్సలు

జలుబు వచ్చిన ప్రతిసారీ ముందు జాగ్రత్తగా కొన్ని రోజులు ప్రెడ్నిసోలోన్ ఇస్తే తిరగబెట్టదని చాలాకాలం అనుకునేవారు. 2022లో వెలువడిన బ్రిటన్ ప్రయోగంలో ఆరు రోజుల చిన్న మోతాదు అలాంటి రక్షణ ఇవ్వలేదు. అందుకని దీన్ని అందరికీ అలవాటుగా చేయడం సరికాదు. పదే పదే జలుబుతోనే తిరగబెట్టే పిల్లవాడి విషయంలో వైద్యుడు వేరుగా ఆలోచించవచ్చు.

రోజుకు కిలోకు 2 మిల్లీగ్రాములు, లేదా మొత్తం 20 మిల్లీగ్రాములు, రెండు వారాలో అంతకంటే ఎక్కువో వాడిన పిల్లవాడికి జీవ టీకాలు, అంటే బలహీనపరచిన సజీవ క్రిములతో చేసినవి, ఆపి ఉంచాలి. ఆ మోతాదు ఆగిన తర్వాత కనీసం నాలుగు వారాలు గడవాలి. న్యూమోకోకల్ టీకా, సూదితో ఇచ్చే ఫ్లూ టీకా జీవ టీకాలు కావు, వాటిని వేయించాలి. చికెన్‌పాక్స్ రాని, టీకా పడని పిల్లవాడు ఆ రోగి దగ్గర గడిపాడని తెలిస్తే అదే రోజు వైద్యుడికి చెప్పాలి, ఆ జబ్బును ఎదుర్కొనే సిద్ధమైన ప్రతిరక్షకాలు, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్, మొదటి నాలుగు రోజుల్లో ఇస్తే ఎక్కువ మేలు.

ప్రెడ్నిసోలోన్ ఆపి కొన్ని నెలలు గడిచినా అడ్రినల్ గ్రంథులు పెద్ద ఒత్తిడికి సరిపడా స్పందించలేకపోవచ్చు. అందుకే గత ఏడాదిలో రెండు వారాలు దాటి స్టెరాయిడ్ వాడిన పిల్లవాడికి శస్త్రచికిత్స జరుగుతున్నా, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినా ఆ సంగతి అక్కడి వైద్యులకు మొదటి మాటగా చెప్పాలి. వారు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ అవసరమో కాదో నిర్ణయిస్తారు.

ఏడో మెట్టు: ఈ పద్ధతి చాలని పిల్లవాడు

మన పిల్లవాడికి మే 25న మందు ఆగింది, ఆగస్టులో ఒకసారి తిరగబెట్టింది. అక్టోబరు చివర మళ్లీ 3+ మూడు రోజులు వచ్చిందనుకుందాం. మొదటి విడత మందు ఆగిన తొలి ఆరు నెలల్లోనే రెండుసార్లు తిరగబెడితే దాన్ని తరచూ తిరగబెట్టే రకంగా లెక్కిస్తారు. రోజు విడిచి రోజు మందు పడుతున్నప్పుడో, ఆపిన రెండు వారాల లోపో వరుసగా రెండుసార్లు తిరగబెడితే స్టెరాయిడ్ మీద ఆధారపడిన రకం అంటారు.

ఈ రెండు రకాల పిల్లలకు ప్రతిసారీ అదే పదకొండు రోజులు, అదే నాలుగు వారాలు అని తిప్పుతూ పోతే ఏడాదిలో పడే మొత్తం స్టెరాయిడ్ చాలా ఎక్కువవుతుంది. ఎత్తు పెరుగుదల మందగిస్తుంది, కంటిలో శుక్లం రావచ్చు, రక్తపోటు పెరగవచ్చు. అప్పుడు నిపుణుడు రోజు విడిచి రోజు మోతాదును నెమ్మదిగా దించి, కిలోకు 0.5 నుంచి 0.7 మిల్లీగ్రాముల దగ్గర నెలల తరబడి నిలపడమో, స్టెరాయిడ్ అవసరాన్ని తగ్గించే లెవామిసోల్, మైకోఫెనోలేట్ వంటి మందులు చేర్చడమో ఆలోచిస్తాడు. ఆయనకు ముందుగా కావలసింది పిల్లవాడు ఎంత మోతాదు దగ్గర ఉండగా తిరగబెట్టిందన్న విషయం. 25 మిల్లీగ్రాముల దగ్గర ఉండగానే ప్రొటీన్ వచ్చిందా, 10కి దిగినప్పుడు వచ్చిందా, మందు పూర్తిగా ఆగిన ఆరు వారాలకు వచ్చిందా అన్నదాన్ని బట్టి తర్వాతి మందు మారుతుంది. ఆ సమాధానం జ్ఞాపకంలో దొరకదు. ఉదయం డిప్‌స్టిక్ ఫలితం పక్కన ఆ రోజు మోతాదు రాసిన పుస్తకంలో దొరుకుతుంది.